అశ్రఫీని వేలానికి ఇస్తే చివరికి చేతికి ఎంత వస్తుంది?

శ్రీవల్లి, హనుమకొండ

అందరికీ నమస్కారం. మా అత్తగారి దగ్గర ఒక హైదరాబాద్ బంగారు అశ్రఫీ ఉంది. ఒకవైపు చార్మినార్ బొమ్మ ఉంటుంది. ఉస్మాన్ అలీఖాన్ ఏలిన మొదటి ఏళ్ళ నాటిదని తెలిసినవాళ్ళు చెప్పారు. ఆవిడకు వాళ్ళ మామగారి నుంచి వచ్చింది. ఇప్పుడు అమ్మేద్దామని ఆవిడే అంటున్నారు.

ఒక నాణేల వేలం సంస్థకు ఫోటోలు పంపితే ఎస్టిమేట్ 1,20,000 నుంచి 1,50,000 వేశారు. అంతకన్నా తక్కువకు అమ్మకుండా రిజర్వు లక్ష పెడదామన్నారు. ఒప్పంద కాగితంలో సెల్లర్ కమీషన్ 12%, ఇన్సూరెన్స్ 1%, ఫోటో ఖర్చు లాట్‌కి 500, వీటన్నిటి మీద జీఎస్టీ అని ఉంది. ఇంకోచోట బయ్యర్స్ ప్రీమియం 20% అని రాశారు.

వాళ్ళ సైట్లో పోయిన వేలంలో ఇలాంటి నాణెమే 1,80,000కి పోయినట్టు ఉంది. అందులో 12% తీసేస్తే మనకు 1,58,400 వస్తుందని నా లెక్క. మా మరిది మాత్రం 20% కూడా మన దగ్గరే కోస్తారు, 1,22,400 మించి రాదు అంటున్నాడు. ఎవరిది కరెక్టో చెప్పగలరా?

రవి_రాజమండ్రి

మీ లెక్కే కరెక్టండీ. బయ్యర్స్ ప్రీమియం పేరులోనే ఉంది కదా, అది కొనేవాడు పాట ధర మీద అదనంగా కట్టుకునేది. దాంతో మనకు సంబంధం లేదు. మీ కాగితంలో మీరు చూసుకోవాల్సింది సెల్లర్ కమీషన్ ఒక్కటే. నేను రెండుసార్లు స్టాంపులు వేలానికి ఇచ్చాను, నా దగ్గర ప్రీమియం పైసా కొయ్యలేదు.

పాతనాణెం

రవి గారూ, కొయ్యరన్నది నిజమే. కానీ శ్రీవల్లి గారి లెక్క తప్పేది అక్కడ కాదు, ఆ 1,80,000 దగ్గర.

సైట్లలో, పత్రికల్లో వేసే అమ్మకం ధర చాలావరకు ప్రీమియం కలిపి వేసినదే. పాట ఎక్కడ ఆగిందో ఆ హ్యామర్ ధర వేరు. సెల్లర్ కమీషన్ లెక్కేది హ్యామర్ మీద. మరి ఆ సైట్లో వేసింది ఏ ధరో ఎలా తెలుస్తుంది? ఒకటి, షరతుల పేజీ చదవడం. రెండోది ఇంకా తేలిక. పాట ఎప్పుడూ మెట్ల మీద నడుస్తుంది. లక్ష దాటాక చాలాచోట్ల ఐదేసి వేలు పెంచుతారు. ఆ సంస్థ పాత ఫలితాలు ఒక ఇరవై చూడండి. 1,74,000, 1,86,000, 1,38,000 లాంటి అంకెలు కనిపిస్తే అవి పాటలో పలికే అంకెలు కావు. 1.2తో భాగించి చూడండి, 1,45,000, 1,55,000, 1,15,000 వస్తాయి. అంటే ప్రీమియం కలిపి వేసినట్టే.

అలా అయితే మీరు చూసిన 1,80,000 వెనక హ్యామర్ 1,50,000. మీ నాణెం కూడా అంతే పలికిందనుకుందాం. 12% కమీషన్ 18,000. ఇన్సూరెన్స్ 1,500. ఫోటో 500. మొత్తం 20,000. దాని మీద 18% జీఎస్టీ 3,600. మొత్తం కోత 23,600 పోను మీ చేతికి 1,26,400.

మీ మరిది గారి అంకె దీనికి దగ్గరగానే ఉంది, వచ్చిన దారి మాత్రం వేరు. ఇంకో నాణేనికి ఇంకో సంస్థ దగ్గర అదే దారిలో వెళితే తేడా కొడుతుంది.

కొన్నవాడి వైపు కూడా చూడండి. 1,50,000 హ్యామర్, 30,000 ప్రీమియం, ప్రీమియం మీద జీఎస్టీ 5,400, కలిపి 1,85,400. నాణెం మీద వేరే పన్ను ఉంటే అది అదనం. వాడి జేబులోంచి పోయిన ప్రతి వందలో మీకు చేరేది 68 రూపాయలు.

శ్రీవల్లి, హనుమకొండ

అమ్మో, వందకు 68! ఇప్పుడే చూశాను సార్, మీరు చెప్పినట్టే 1,74,000, 2,22,000 లాంటి అంకెలు చాలా ఉన్నాయి. మరి వాళ్ళు మాకు ఇచ్చిన ఎస్టిమేట్ 1,20,000–1,50,000 కూడా ప్రీమియం కలిపేనా?

పద్మ_న్యూజెర్సీ

కాదమ్మా, ఎస్టిమేట్ సాధారణంగా హ్యామర్ లెక్కలో ఉంటుంది. ఫలితం ప్రీమియం కలిపి వేస్తారు. అందుకే ప్రతి వేలం ఎస్టిమేట్ దాటేసినట్టు కనిపిస్తుంది. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ గారి గ్రామయాత్ర పెయింటింగ్ 13.75 మిలియన్ డాలర్లకు పోయిందని పేపర్లన్నీ రాశాయి కదా, 118 కోట్లు అని. ఎస్టిమేట్ 2.5 నుంచి 3.5 మిలియన్లు. అది ఎలా చూసినా దాటింది, సందేహం లేదు. కానీ ఆ 13.75లో ప్రీమియం కలిసి ఉంది, ఎస్టిమేట్‌లో లేదు. మీ అశ్రఫీ లాంటి చిన్న లాట్‌కి ఆ తేడాయే మొత్తం కథ మార్చేస్తుంది. పై ఎస్టిమేట్ 1,50,000 ఉన్న నాణెం సరిగ్గా 1,50,000కే ఆగినా సైట్లో 1,80,000 కనిపిస్తుంది.

ఇంకో మాట. ఇక్కడి సంస్థలు బంగారు నాణేలకు సెల్లర్ కమీషన్ తగ్గించుకుంటాయి, బేరం ఆడితే సున్నాకి కూడా వస్తాయి. మీవాళ్ళెవరైనా అమెరికా వస్తుంటే చేతికిచ్చి పంపితే నేను చూసిపెట్టగలను.

పాతనాణెం

పద్మ గారూ, ఆ పని మాత్రం వద్దు. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే నాణెమూ పోతుంది, కేసూ వస్తుంది. శ్రీవల్లి గారి నాణెం మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది, అది చూసి వయసు తేల్చుకోవచ్చు. ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కింది 1911లో, కాబట్టి మొదటి ఏళ్ళదైతే వందేళ్ళు దాటినట్టే. దేశంలోపల లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా అమ్ముకోవడానికి అడ్డం లేదు.

పద్మ_న్యూజెర్సీ

అవునా, అయితే ఆ మాట వెనక్కి. అక్కడే అమ్మండి.

సాంబయ్య_గుంటూరు

ఈ గోలంతా మా మిర్చి యార్డు లాగే ఉందే. పాటలో పలికిన ధర ఒకటి, కాటా, హమాలీ, కమీషన్ పోను చిట్టీలో రాసేది ఇంకొకటి. అక్కా, నా సలహా ఏంటంటే పాట అయిన రోజే డబ్బులు చేతికి తీసుకో. రేపు రా, ఎల్లుండి రా అంటే నమ్మకు. అయినా లక్ష రిజర్వు అంటున్నారు కదా, అంటే లక్ష గ్యారంటీ అన్నట్టేగా? దానికింత టెన్షన్ ఎందుకు?

భాస్కర్_విశాఖ

సాంబయ్య అన్నా, నాణేల వేలంలో అదే రోజు డబ్బులు ఎవరూ ఇవ్వరు. నాకు ఇచ్చిన కాగితంలో 45 రోజులని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో కొనుగోలుదారు డబ్బు జమ అయిన తర్వాత అని కూడా ఉంది. నా వెండి నాణేల లాట్ ఒకటి మంచి ధర పలికింది. కొన్నవాడు కట్టలేదు. ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అన్నారు. చివరికి లాట్ రద్దు చేసి తర్వాతి వేలంలో పెట్టారు. రెండోసారి మొదటిదాంట్లో మూడొంతులే పలికింది. పేరు చెప్పను గానీ పెద్ద సంస్థే.

శ్రీవల్లి గారూ, కొన్నవాడు కట్టకపోతే ఏం చేస్తారు, ఎన్నాళ్ళు ఆగుతారు, నాణెం వెనక్కి తీసుకోవచ్చా అనేది ముందే రాతలో తీసుకోండి. నాణెం మీ దగ్గరే ఉండి ఆగడం వేరు, వాళ్ళ లాకర్లో ఉండి ఆగడం వేరు.

పాతనాణెం

సాంబయ్య గారి రెండో మాట అసలైన ప్రశ్న. రిజర్వు కూడా హ్యామర్ మీదే లెక్క. లక్ష రిజర్వు అంటే పాట లక్ష దగ్గర ఆగినా నాణెం అమ్ముడుపోతుంది, మీకు లక్ష రాదు. పై కోతలే వేస్తే 84,070 వస్తుంది.

ఇప్పుడు దీన్ని బంగారంతో పోల్చండి. అశ్రఫీ తూకం సుమారు 11.18 గ్రాములు, మేలిమి 91 శాతం. అంటే లోపల ఉన్న శుద్ధమైన బంగారం 10.17 గ్రాములు. లెక్క తేలికగా ఉండటానికి గ్రాము 10,000 అనుకుందాం. మీరు ఆ రోజు రేటు వేసుకోండి. కరిగిస్తేనే 1,01,700 విలువ. లక్ష రిజర్వు పెట్టి పాట చప్పగా నడిస్తే, చరిత్ర ఉన్న నాణేన్ని దాని బంగారం విలువకన్నా పదిహేడు వేలు తక్కువకి అమ్ముకున్నట్టు. ఎస్టిమేట్ ఎప్పుడో వేసి, వేలం నాటికి బంగారం పెరిగితే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మీకు ఎస్టిమేట్ ఇచ్చి ఎన్నాళ్ళైందో చూసుకోండి.

చేతికి బంగారం విలువైనా రావాలంటే హ్యామర్ దాదాపు 1,20,800 కావాలి. కింది ఎస్టిమేట్ కన్నా ఎక్కువ రిజర్వుకి సంస్థలు సాధారణంగా ఒప్పుకోవు కాబట్టి 1,20,000 అడగండి. అప్పుడు కనీసం 1,01,000 వస్తుంది. నగల షాపువాడు కూడా తరుగు తీయకుండా పూర్తి విలువ కట్టడు కదా, అక్కడికి సరిపోతుంది.

కిరణ్_మియాపూర్

ప్రతిసారీ కాగితం మీద వేసుకోకుండా ఎక్సెల్‌లో ఇలా పెట్టుకోండి. B2లో హ్యామర్, B3లో కమీషన్ శాతం, B4లో ఇన్సూరెన్స్ శాతం, B5లో ఫోటో ఖర్చు.

```
=B2*(1-(B3+B4)*1.18)-B5*1.18
```

150000, 12%, 1%, 500 వేస్తే 126400 వస్తుంది. పాతనాణెం గారి అంకెతో సరిపోయింది. ఇన్సూరెన్స్‌ని కొందరు హ్యామర్ మీద కాకుండా ఎస్టిమేట్ మీద వేస్తారు. అలా ఉంటే ఆ భాగం మార్చుకోవాలి.

శ్రీవల్లి, హనుమకొండ

కిరణ్ గారూ, చాలా థాంక్స్. మా మరిది ఇప్పటికే ఫోన్లో పెట్టేసుకున్నాడు, తనదే కరెక్ట్ అని ఊరంతా చెబుతున్నాడు.

ఇంకో విషయం. నిన్న ఇంకో సంస్థతో మాట్లాడాను. వాళ్ళు సెల్లర్ కమీషన్ సున్నా అంటున్నారు, కానీ బయ్యర్స్ ప్రీమియం 25%. ఇన్సూరెన్స్, ఫోటో మామూలే. రవి గారు చెప్పినట్టు ప్రీమియం మనది కాదు కదా, కళ్ళు మూసుకుని వీళ్ళకే ఇచ్చేయచ్చా?

రవి_రాజమండ్రి

ఇంకా ఆలోచనెందుకండీ! కోత సున్నా. 1,50,000 పలికితే దాదాపు మొత్తం మీదే.

పాతనాణెం

రెండోదే మేలు కావచ్చు. కానీ 1,50,000 పలుకుతుందని అనుకోవడం సరికాదు. పాడేవాడు ఇంటి దగ్గరే లెక్క వేసుకుని వస్తాడు, ఈ నాణేనికి మొత్తం ఇంతకన్నా పెట్టను అని. ప్రీమియం ఎక్కువైతే అదే మొత్తంలో హ్యామర్ తగ్గుతుంది. పైగా ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడిపోయిన ఆఖరివాడు. వాడు ఎక్కడ చెయ్యి దించుతాడో దానికి ఒక మెట్టు అటూ ఇటూగా హ్యామర్ పడుతుంది.

ఆ ఆఖరివాడు అన్నీ కలిపి 1,80,000 దాటనని అనుకుని వచ్చాడనుకోండి. మొదటి సంస్థలో ప్రీమియం జీఎస్టీతో 23.6%. వాడు 1,45,000 దాకా పాడగలడు. అక్కడే ఆగితే మీకు 1,22,167. రెండో సంస్థలో ప్రీమియం జీఎస్టీతో 29.5%. వాడు 1,35,000 దగ్గరే ఆగాలి. కమీషన్ లేదు కాబట్టి మీకు 1,32,817. పాట పదివేలు తక్కువ పలికి, మీ చేతికి పదివేల పైన ఎక్కువ వచ్చింది. అందుకే ఒప్పందాలు పోల్చేటప్పుడు హ్యామర్ చూసి మురిసిపోకూడదు. కొనేవాడు పెట్టే మొత్తం రెండుచోట్లా ఒకటే అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

అయితే ఇదంతా రెండుచోట్లా ఒకే రకం జనం పాడితేనే. హైదరాబాద్ నాణేలు సేకరించేవాళ్ళు మొదటి సంస్థకే వస్తారు, రెండోదానికి రారు అనుకోండి, అక్కడ 1,20,000 దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు మీకు 1,18,000 లోపే వస్తుంది, సున్నా కమీషన్ ఉండి కూడా మొదటిదే నయం. రెండు సంస్థల పాత కేటలాగులు తీసి, ఎవరి దగ్గర ఆసఫ్‌జాహీ బంగారం ఎక్కువ అమ్ముడైందో, ఎన్ని లాట్లు అమ్ముడుకాకుండా మిగిలాయో చూడండి.

రవి_రాజమండ్రి

మీరు చెప్పింది పుస్తకంలో బాగుంటుంది సార్. పాటలో కూర్చున్నవాడికి వేడెక్కితే ప్రీమియం గుర్తుండదు. నేను స్టాంపులు కొనేటప్పుడు ఎన్నిసార్లు చూశానో. రూములో పక్కవాడు చెయ్యెత్తితే మనమూ ఎత్తుతాం, బిల్లు వచ్చాకే తెలుస్తుంది.

పాతనాణెం

కొత్తవాళ్ళ విషయంలో మీరన్నది నిజం. డీలర్లు అలా కాదు, వాళ్ళు పైసాతో సహా వెనక్కి లెక్కేసుకుని వస్తారు. అశ్రఫీ లాంటి బంగారు నాణేనికి ఆఖరి వరకు నిలబడేది ఎక్కువగా డీలర్లే, బంగారం విలువ వాళ్ళ వేళ్ళ మీద ఉంటుంది. అరుదైన ఒక్కటే ముక్క కోసం ఇద్దరు సేకరణదారులు పట్టుబడితే మీరన్నట్టు జరుగుతుంది.

ఈ వాదన మనతో మొదలైంది కాదు. బయ్యర్స్ ప్రీమియం లండన్లో క్రిస్టీస్, సోథెబీస్ వేలం సంస్థలు 1975లో పది శాతంతో తెచ్చినప్పుడు అక్కడి డీలర్లు ఇదే గోల చేశారు. మొన్న 2024లో సోథెబీస్ ప్రీమియం 20 శాతానికి తగ్గించి, సెల్లర్ల దగ్గర బేరం లేని స్థిరమైన కమీషన్ తీసుకుంటామంది. ఏడాది తిరగకముందే 2025 ఫిబ్రవరిలో మార్చేసి ప్రీమియం మళ్ళీ పెంచి 27 శాతం చేసింది. అమ్మేవాళ్ళకి సున్నా కమీషన్ అనే మాటే తియ్యగా ఉంటుంది, అది తీసేస్తే సరుకు పక్క సంస్థకు పోతుంది.

రవి_రాజమండ్రి

అంటే పెద్ద పెద్దవాళ్ళ సెల్లర్లు కూడా నాలాగే ఆలోచిస్తున్నారన్నమాట. నా మాటే నెగ్గింది!

మూర్తి_ఆడిటర్

మధ్యలో దూరుతున్నాను. ఇన్‌కమ్ టాక్స్ గురించి ఎవరూ అనలేదు. వారసత్వంగా వచ్చిన సొంత వస్తువే కదా, పన్ను లేదనుకుంటారు చాలామంది. బంగారు సవరన్లు, పాత రూపాయలు పూజలో పెట్టుకున్నా సరే సొంత వాడకం వస్తువులు కావని సుప్రీంకోర్టు 1976లోనే ఒక సంస్థానాధీశుడి కేసులో చెప్పింది. కాబట్టి క్యాపిటల్ గెయిన్ లెక్కకట్టాలి.

ఇక్కడ మీకు కలిసొచ్చేవి రెండు. సెల్లర్ కమీషన్, ఇన్సూరెన్స్, ఫోటో, వాటి జీఎస్టీ అమ్మకం ఖర్చు కింద తీసేయవచ్చు, అందుకని ఆ సంస్థ ఇచ్చే సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ పారేయకండి. రెండు, 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచి కుటుంబంలో ఉన్నది కాబట్టి ఆ రోజు విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర రిపోర్టు తీసుకోండి. మిగిలిన లాభం మీద 12.5%. అత్తగారికి వేరే ఆదాయం పెద్దగా లేకపోతే, బేసిక్ పరిమితిలో మిగిలిన భాగం దీనికి వాడుకోవచ్చు, అసలు పన్నే పడకపోవచ్చు. అయితే ఒప్పందం, బ్యాంకు ఖాతా రెండూ ఆవిడ పేరు మీదే ఉండాలి. మీ పేరు మీద పెడితే లాభం ఎవరిదనే ప్రశ్న వస్తుంది.

శ్రీవల్లి, హనుమకొండ

మూర్తి గారూ, మంచి సమయానికి చెప్పారు. కాగితం నా పేరు మీదే రాయించబోయాను.

అప్‌డేట్ ఏంటంటే, మొదటి సంస్థకు ఫోన్ చేశాను. రిజర్వు 1,20,000కి ఒప్పుకున్నారు. కమీషన్ 12 నుంచి 10 చేశారు, అంతకన్నా తగ్గేది లేదన్నారు. అయితే అమ్ముడుపోకపోతే రిజర్వులో 3% కట్టాలట, జీఎస్టీతో 4,248. ఇది ముందు చెప్పలేదు, కాగితం రెండో పేజీలో ఉంది. కొన్నవాడు కట్టకపోతే 60 రోజుల తర్వాత నాణెం వెనక్కి తీసుకోవచ్చని మెయిల్లో రాసిచ్చారు, భాస్కర్ గారికి థాంక్స్. రెండో సంస్థ పాత కేటలాగుల్లో హైదరాబాద్ బంగారం నాలుగే కనిపించాయి, అందులో రెండు అమ్ముడుపోలేదు.

అత్తగారు మాత్రం అమ్ముడుపోకపోతే ఎదురు డబ్బు కట్టడం ఏంటి అని వెనకాడుతున్నారు. ఆ 3% తీయించడం ఎవరికైనా కుదిరిందా?

భాస్కర్_విశాఖ

నాకు కుదిరింది, కానీ ఒకేసారి తొమ్మిది లాట్లు ఇచ్చినప్పుడు. ఒక్క నాణేనికి ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. రిజర్వు 1,15,000కి దించుతాం, ఆ ఫీజు తీసేయండి అని అడిగి చూడండి.

పాతనాణెం

అడగండి. కాకపోతే దించే ముందు ఆ రోజు బంగారం రేటు, కొత్త 10% కమీషన్ కిరణ్ గారి షీట్‌లో ఒకసారి వేసి చూసుకోండి. బంగారం ఇంకా పెరిగి ఉంటే 1,20,000 కూడా చాలదు, అప్పుడు ఎస్టిమేటే మార్చమనాలి.